మౌస్ కదిలినా మెషీన్ కదలదు

మిర్యాలగూడ మిల్లుల్లో లారీ దిగిన వడ్లు ముందు పడేది క్లీనర్‌లోనే. పై జల్లెడ గడ్డిని, మట్టిబెడ్డల్ని ఆపేస్తుంది. కింది జల్లెడ ఇసుకను జార్చేస్తుంది. తాలును గాలి లాక్కుపోతుంది. జల్లెడ పెట్టెకు బిగించిన వైబ్రో మోటార్లు దాన్ని ఎడతెగకుండా ఊపుతుంటాయి. మెషీన్‌గా చూస్తే ఇందులో పెద్ద మర్మమేమీ లేదు. ఇదే క్లీనర్‌ను కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా గీసిన డిజైనర్ మాత్రం వేరే కథ చెబుతాడు. ఫైల్ తెరవమని నొక్కి, టీ తాగి వచ్చినా అది ఇంకా లోడవుతూనే ఉంటుంది. తెరుచుకున్నాక మౌస్‌తో తిప్పబోతే బొమ్మ ఆగి ఆగి గెంతుతుంది. ఒక్క కొలత మార్చి సరే అంటే తెర తెల్లబోయి పైన Not Responding అని వస్తుంది.

అప్పుడు ఆఫీసులో మొదట వినపడే మాట “సార్, ఈ సిస్టమ్ ఇక లాభం లేదు, కొత్తది తీసుకుందాం.” కొత్తది వస్తే ఒక్కోసారి తేడా తెలుస్తుంది, చాలాసార్లు పెద్దగా తెలియదు. ఎందుకంటే పైన చెప్పిన మూడు బాధలూ ఒకే జబ్బు కాదు. తెరవడంలో ఆలస్యం డిస్కుకు, నెట్‌వర్క్‌కు, మెమరీకి సంబంధించింది. తిప్పినప్పుడు గెంతడం గ్రాఫిక్స్ కార్డు మోస్తున్న బరువు. కొలత మార్చాక ఆగిపోవడం ప్రాసెసర్ లెక్కల పని. మూడింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేసి ‘ఏమీ తగ్గలేదు’ అనుకునేవాళ్లే ఎక్కువ.

మెషీన్లు తయారుచేసే చిన్న, మధ్యతరహా సంస్థల్లో బాగా కనిపించే సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్. 1995లో మొదటి వెర్షన్ వచ్చింది, 1997లో ఫ్రాన్స్‌కు చెందిన దస్సో సిస్టమ్స్ దాన్ని కొనుక్కుంది. ఇక్కడ చెప్పే సెట్టింగులు దానివే. ఇన్వెంటర్‌లోనూ, క్రియోలోనూ పేర్లు మారతాయి గానీ సూత్రాలు దాదాపు ఇవే. విడివిడి భాగాలను పార్టులని, వాటన్నిటినీ బిగించి కూర్చిన మొత్తాన్ని అసెంబ్లీ అని అంటారు.

ఏ జబ్బో తేల్చుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. సగం పార్టుల్ని కనపడకుండా దాచి బొమ్మను తిప్పి చూడాలి. ఇప్పుడు హాయిగా తిరిగితే భారం గ్రాఫిక్స్‌ది. ఆఫీసు సర్వర్‌లో ఉన్న ఫోల్డర్‌ను Pack and Go తో సొంత కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని తెరిచి చూడాలి. ఇక్కడ చప్పున తెరుచుకుంటే తప్పు మోడల్‌ది కాదు, నెట్‌వర్క్‌ది. ఇక మూడోది: Ctrl+Q నొక్కితే సాఫ్ట్‌వేర్ మొత్తం మోడల్‌ను మొదటి నుంచి మళ్లీ కడుతుంది. అది నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే, 16 థ్రెడ్ల ప్రాసెసర్ అయినా వాడకం తరచూ 6, 7 శాతం దగ్గరే ఆడుతుంటుంది. అంటే పదహారింట్లో ఒక్కటే పనిచేస్తోందన్నమాట. ఒక ఫీచర్ తేలితే గానీ దానిమీద ఆధారపడ్డ తర్వాతి ఫీచర్ మొదలుకాదు కాబట్టి రీబిల్డ్ చాలామటుకు వరసలో జరిగే పని. అందుకే ఎక్కువ కోర్లున్న ఖరీదైన ప్రాసెసర్ కన్నా, తక్కువ కోర్లున్నా వేగంగా నడిచే ప్రాసెసర్ ఇక్కడ మేలు.

ఇక మన క్లీనర్ సంగతి. ఇందులో అసలు దొంగ ఎవరో తెలియాలంటే తెరమీది బొమ్మ ఎలా తయారవుతుందో కాస్త తెలియాలి.

గ్రాఫిక్స్ కార్డుకు వృత్తం అంటే తెలియదు. దానికి తెలిసిందల్లా త్రిభుజాలే. గుండ్రటి రంధ్రాన్ని, ఉదాహరణకు, 24 చిన్న గీతలుగా విరిచి, ప్రతి గీత దగ్గరా షీట్ మందం మేరకు ఒక చిన్న పలకను నిలబెట్టి, ఆ పలకను రెండు త్రిభుజాలుగా కోస్తారు. అలా రంధ్రం లోపలి గోడకే 48 త్రిభుజాలు. అంతటితో అయిపోదు. రంధ్రం చుట్టూ ఉన్న చదునైన ఉపరితలాన్ని కూడా ఆ 24 మూలలకు కలుపుతూ త్రిభుజాలుగా కొయ్యాలి. దానికి పైవైపు 26, కిందివైపు 26. మొత్తం కలిపితే ఒక్క రంధ్రానికి సరిగ్గా వంద.

ఒక మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు ఉన్న జల్లెడ షీట్‌లో పది మిల్లీమీటర్లకొక రంధ్రం చొప్పున వేస్తే 15,000 రంధ్రాలు పడతాయి. అంటే ఒక్క షీట్‌కు 15 లక్షల త్రిభుజాలు. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు షీట్లు. లెక్క సులువుగా ఉండాలని నాలుగింటికీ ఒకే రంధ్రం అనుకుంటే 60 లక్షలు. బొమ్మ కదిలిన ప్రతిసారీ కార్డు వీటన్నిటినీ మళ్లీ గీయాలి. క్లీనర్ బాడీ, స్టాండు, హాపర్ అన్నీ కలిపినా ఇందులో ఓ మూలకు రావు. తమాషా ఏమిటంటే డిజైనర్ సాధారణంగా అనుమానించేది ఆ పెద్ద బాడీనే.

అనుమానంతో పనిలేదు. Performance Evaluation అనే చోట పార్టుల వారీగా త్రిభుజాల లెక్క, తెరుచుకోవడానికి పట్టే సమయం చూపిస్తుంది. జల్లెడ పార్టును విడిగా తెరిచి అదే నొక్కితే ఏ ఫీచర్ ఎంతసేపు తింటోందో పెద్దది పైన ఉండేలా జాబితా ఇస్తుంది. అక్కడ రంధ్రాల ప్యాటర్న్ ఒక్కటే దాదాపు కాలమంతా మింగేస్తూ కనిపిస్తుంది. తెరవడం, తిప్పడం, రీబిల్డ్ మూడింటినీ కుంగదీసే పార్టు ఇది.

మందు చెప్పడానికి తేలిక. ఆ పార్టులో రెండో కాన్ఫిగరేషన్ ఒకటి చేసి దానికి Simplified లాంటి పేరు పెట్టాలి, అందులో రంధ్రాల ప్యాటర్న్‌ను సప్రెస్ చెయ్యాలి. ఇప్పుడది వట్టి రేకు. అంచున బిగింపు బోల్టుల రంధ్రాలు తప్ప ఇంకేమీ లేవు. చూడటానికి జల్లెడలాగే ఉండాలంటే రంధ్రాల రేకు బొమ్మను పైపూతగా అద్దవచ్చు, అది పెద్ద భారం కాదు. అసలు కాన్ఫిగరేషన్ మాత్రం ఎక్కడికీ పోదు. లేజర్ కటింగ్‌కు పంపే డ్రాయింగ్ దాన్నుంచే వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. రంధ్రాలు పోతే బరువు పెరుగుతుంది. 1.6 మిల్లీమీటర్ల మందమున్న స్టీలు రేకు ఆ సైజులో దాదాపు 18.8 కిలోలు తూగుతుంది. ఆరు మిల్లీమీటర్ల రంధ్రాలు 15,000 వేస్తే 28 శాతం లోహం పోయి 13.5 కిలోలు మిగులుతుంది. నాలుగు షీట్లకు తేడా 21 కిలోలు. టేబులో, ర్యాకో అయితే ఎవరూ పట్టించుకోరు. కానీ ఇది ఊగే మెషీన్. ఊపాల్సిన బరువు ఎంతో చూసే వైబ్రో మోటారును ఎంచుతారు, దానిలోని వెయిట్ల సెట్టింగూ నిర్ణయిస్తారు. తేలిక చేసిన మోడల్ చెప్పిన బరువును నమ్మి సెట్టింగ్ పెంచితే, అసలు మెషీన్ లెక్కకు మించి ఊగి వెల్డింగులను పగలగొడుతుంది. కాబట్టి ముందు అసలు కాన్ఫిగరేషన్‌లో బరువు, గరిమనాభి రాసిపెట్టుకుని, తేలిక చేసిన దానిలో Override Mass Properties ద్వారా అవే అంకెలు నింపాలి. తేలిక చేసే పనిలో జనం ఎక్కువగా మరిచిపోయే మెట్టు ఇదే.

జల్లెడ తర్వాత నేరస్తులు బోల్టులు. ఇంటర్నెట్‌లో దించుకున్న బోల్టు మోడల్‌లో మరలు నిజంగానే చెక్కి ఉంటే దాని ఖరీదు చూడండి. ఎం12 బోల్టుకు మర దూరం 1.75 మిల్లీమీటర్లు. 40 మిల్లీమీటర్ల పొడవులో దాదాపు 23 చుట్లు. ఒక్కో చుట్టూ 24 ముక్కలు, ముక్కకు నాలుగు ముఖాలు, ముఖానికి రెండు త్రిభుజాలు. మరలకే 4,400 దాటుతాయి. మరలు లేని నున్నటి కాడకు అదే గోడ 48తో సరిపోతుంది. క్లీనర్‌లో అలాంటివి 400 ఉన్నాయనుకుంటే 17 లక్షలకు పైనే.

అయితే జల్లెడకూ బోల్టుకూ ఒక తేడా ఉంది. 400 చోట్ల ఉన్నా బోల్టు ఫైల్ ఒకటే కాబట్టి దాన్ని డిస్కు నుంచి చదివేది ఒక్కసారే. గీయడం మాత్రం 400 సార్లు. అంటే చెక్కిన మరలు తెరవడాన్ని అంతగా ఆలస్యం చెయ్యవు, తిప్పడాన్ని చేస్తాయి. బోల్టు బిగింపు మేట్ల లెక్క ప్రాసెసర్ మీద పడుతుంది, అది వేరే. మరలను చెక్కడం మానేసి, మర గుర్తును బొమ్మగా మాత్రమే చూపే కాస్మెటిక్ థ్రెడ్ వాడితే డ్రాయింగ్‌లో మరలు యథాతథంగా కనపడతాయి, త్రిభుజాలు మాయమవుతాయి. కాస్టింగుల మీద, ఇతర పార్టుల మీద వందల్లో ఉండే చిన్నచిన్న గుండ్రటి మూలలదీ ఇదే సంగతి.

కొందరు ఇంత శ్రమ ఎందుకని బోల్టులన్నిటినీ హైడ్ చేసేస్తారు. మరికొందరు సప్రెస్ చేస్తారు. చూడటానికి రెండూ ఒకటే, కంటికి బోల్టు కనపడదు. లోపల మాత్రం పోలికే లేదు. హైడ్ చేసిన పార్టు మెమరీలో అలాగే ఉంటుంది, దాని మేట్లు లెక్కలో ఉంటాయి, బరువులో ఉంటుంది. కార్డు దాన్ని గీయదు, అంతే. సప్రెస్ చేసిన పార్టు మెమరీలోంచే దిగిపోతుంది. దానితోపాటు దాన్ని పట్టుకున్న మేట్లూ ఆగిపోతాయి. దాన్ని ఆధారం చేసుకుని బిగించిన ఇంకో పార్టు ఉంటే అది గాల్లో వేలాడుతుంది. బోల్టు తల మీద కవర్‌ను బిగించి ఉంటే, బోల్టు సప్రెస్ అయిన రోజున కవర్ ఎటు పోతుందో చెప్పలేం. జల్లెడదీ అంతే. ప్యాటర్న్‌లోని ఏదో ఒక రంధ్రం అంచుకు మేట్ పెట్టి ఉంటే, ప్యాటర్న్ పోగానే చెట్టులో ఎర్ర గుర్తులు బారులు తీరుతాయి. మేట్లు ఎప్పుడూ తీసెయ్యబోని వాటికి, అంటే ప్లేన్లకు, బయటి అంచులకు పెట్టేవాడికి ఈ తిప్పలు రావు.

మూడో భారం మోటారు. అమ్మేవాళ్లు ఇచ్చే మోడల్‌లో లోపలి షాఫ్టు, బేరింగుల గోళీలు, బయటి పక్కల ఫిన్లు, నేమ్‌ప్లేటు మీద ఉబ్బెత్తు అక్షరాలు అన్నీ ఉండొచ్చు. ఒక్కోసారి అదే పదుల పార్టుల అసెంబ్లీగా వస్తుంది. మన క్లీనర్‌కు కావలసింది పాదాల దగ్గర నాలుగు రంధ్రాలు, బయటి ఆకారం, వైరు వెళ్లే టెర్మినల్ బాక్స్. మోటారు అసెంబ్లీని పైకి కనిపించే భాగాలు మాత్రమే ఉంచి ఒకే పార్టుగా సేవ్ చేసుకోవచ్చు. ఇంకా చెక్కెయ్యాలంటే Defeature అనే పనిముట్టు ఉంది, ఏవి ఉంచాలో చెబితే మిగతావి పూడ్చేస్తుంది. అత్యుత్సాహంతో టెర్మినల్ బాక్స్‌ను కూడా పూడ్చేసినవాళ్లున్నారు. కంప్యూటర్‌లో ఇంటర్‌ఫియరెన్స్ చెక్ సాఫీగా పాసవుతుంది. షాపులో బిగించేటప్పుడు గార్డు రేకు వెళ్లి దానికి తగులుతుంది. బయటి కొలతను మార్చే దేన్నీ ముట్టుకోకూడదన్నది ఇక్కడ గీత.

ఇంతదాకా చేసింది మోడల్‌ను తగ్గించడం. ఏమీ తగ్గించకుండా తక్కువగా లోడ్ చేసుకునే దారి లైట్‌వెయిట్ మోడ్. అసెంబ్లీని ఇలా తెరిస్తే ప్రతి పార్టు ఆకారం వస్తుంది గానీ, అది ఏ స్కెచ్ నుంచి, ఏ కొలతలతో పుట్టిందన్న చరిత్ర రాదు. చెట్టులో అలాంటి పార్టు పక్కన చిన్న ఈక గుర్తు ఉంటుంది. కొలవచ్చు, కోసి లోపల చూడవచ్చు, మేట్లు పెట్టవచ్చు, ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడవచ్చు. ఒక పార్టును సవరించబోతే అప్పుడు దాన్ని మాత్రమే పూర్తిగా లోడ్ చేసుకుంటుంది. సాధారణంగా 500 పార్టులు దాటితే పెద్ద అసెంబ్లీ కింద లెక్కగట్టి ఈ ఏర్పాట్లు వాటంతటవే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. ఇటీవలి వెర్షన్లలో అయితే మామూలు మోడ్‌లోనే ఈ పద్ధతి కలిసిపోయి ఉంటుంది.

కానీ లైట్‌వెయిట్ గురించి ఉన్న పెద్ద అపోహ ఏమిటంటే దానితో అన్నీ తేలికవుతాయని. జల్లెడ ఈక గుర్తుతో తెరుచుకున్నా ఆ 15 లక్షల త్రిభుజాలు వచ్చే తీరతాయి, ఎందుకంటే కంటికి కనిపించేది వాటితోనే. కాబట్టి తెరవడం చురుకవుతుంది, తిప్పడం ఎప్పటిలాగే గెంతుతుంది. “లైట్‌వెయిట్ పెట్టినా లాభం లేదు సార్” అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. ఇంకో ప్రమాదం, పక్క సీటులోని మనిషి ఆ పార్టును మార్చి సేవ్ చేసినా, లైట్‌వెయిట్‌లో ఉన్నవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. పాతబడిన పార్టుల్ని గమనించి సూచించమని ఆప్షన్లలో పెట్టుకుంటే వాటి ఈక ఎర్రగా మారుతుంది.

మిల్లు యజమాని వచ్చి మెషీన్ చూపించమన్నప్పుడు సవరణలు అక్కర్లేదు కదా. అందుకు Large Design Review ఉంది. ఇందులో వచ్చేది కేవలం బొమ్మ. అందుకే అన్నిటికన్నా త్వరగా తెరుచుకుంటుంది. తిప్పి చూపవచ్చు, కోసి చూపవచ్చు, కొలవవచ్చు, కావాల్సిన పార్టును మాత్రం ఎంచి తెరవవచ్చు. చూడటానికొకటి, గీయడానికొకటి అనే ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1994లో మొదటిసారి ఎగిరిన బోయింగ్ 777 విమానాన్ని పూర్తిగా కంప్యూటర్‌లోనే, దస్సో వాళ్ల క్యాటియాలో డిజైన్ చేశారు. అన్ని భాగాలనూ కలిపి చూడటానికి మాత్రం బోయింగ్ ఫ్లైత్రూ అనే వేరే ప్రోగ్రామ్‌ను సొంతంగా రాసుకోవలసి వచ్చింది.

గ్రాఫిక్స్ సెట్టింగుల్లో నిజంగా చూడవలసినవి కొన్నే. మొదటిది Image Quality స్లైడర్. వృత్తాన్ని ఎన్ని గీతలుగా విరవాలో చెప్పేది ఇదే. కేటలాగు ఫొటో కోసమని ఎవరో ఒకరోజు దాన్ని ఎర్ర గీత దాకా జరిపి, కింద ఉన్న ‘అన్ని పార్టులకూ వర్తింపజేయి’ అన్న గడిలో టిక్ పెట్టి సేవ్ చేస్తారు. 24 గీతలు 48 అయితే మన లెక్క ప్రకారం ఒక్క రంధ్రం వంద నుంచి 196కు చేరుతుంది. ఆ త్రిభుజాలు ఫైల్‌లోనే సేవ్ అవుతాయి కాబట్టి ఫైల్ సైజూ పెరుగుతుంది. అకస్మాత్తుగా అన్నీ నెమ్మదించి, ఫైళ్లు లావెక్కితే మొదట చూడవలసిన చోటు ఇది. స్లైడర్‌ను వెనక్కి లాగి అదే టిక్‌తో సేవ్ చేస్తే సరి. నీడలు, మెరుపులు చూపే RealView, ఆకృతి అంచుల్ని నల్లగీతలతో చూపడం, గార్డులను గాజులా పారదర్శకంగా ఉంచడం, ఇవన్నీ రోజువారీ పనిలో ఆపేసుకోదగ్గవే.

రెండోది మరింత మోసగాడు. సిస్టమ్ ఆప్షన్లలో Performance పేజీలో Use software OpenGL అనే గడి ఉంటుంది. కార్డు గానీ, దాని డ్రైవర్ గానీ పనికిరాదని సాఫ్ట్‌వేర్‌కు తోస్తే ఆ టిక్ దానంతటదే పడుతుంది. అప్పటినుంచి బొమ్మ గీసే పని కార్డు మానేసి ప్రాసెసర్ చేస్తుంది. ఖరీదైన కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఫైళ్లన్నీ మూసేస్తే గానీ ఆ టిక్‌ను మార్చడం కుదరదు. ల్యాప్‌టాప్‌లలో ఇంకో రకం: రెండు గ్రాఫిక్స్ ఉండి, సాఫ్ట్‌వేర్ చిన్నదాని మీద నడుస్తుంటుంది. గేమ్‌ల కోసం అమ్మే కార్డు అయితే ఎంత ఖరీదైనా సాలిడ్‌వర్క్స్ సర్టిఫై చేసిన జాబితాలో ఉండదు. అక్కడ వర్క్‌స్టేషన్ కార్డులే ఉంటాయి.

వీటిలో ఏదీ రీబిల్డ్ ఆలస్యాన్ని తగ్గించదు. దానికి మేట్లను చూడాలి. అసెంబ్లీ పైవరసలో ఉన్న మేట్లన్నిటినీ కలిపి ఒక్కసారిగా పరిష్కరిస్తుంది కాబట్టి 300 పార్టుల్ని నేరుగా పైనే బిగించడం కన్నా స్టాండు, జల్లెడ పెట్టె, గాలి డక్టు అని సబ్ అసెంబ్లీలుగా కట్టి పైన ఆ మూడింటినే కలపడం ఎంతో నయం. వాటిలో దేన్నైనా ఫ్లెక్సిబుల్‌గా మారిస్తే దాని మేట్లు మళ్లీ పైకి వచ్చి పడతాయి. స్టాండు అంచును చూస్తూ గీసిన గార్డు రేకు కూడా ఇలాంటిదే. స్టాండు మారిన ప్రతిసారీ అదీ మారాలి. చెట్టులో దాని పేరు పక్కన `->` గుర్తు ఉంటుంది. డిజైన్ ఖరారయ్యాక ఆ బంధాలను లాక్ చేస్తే అది `->*` అవుతుంది, గొలుసు ఆగుతుంది. కొత్త వెర్షన్ వేసుకున్న కొత్తలో అన్నీ నెమ్మదిగా తెరుచుకోవడానికి కారణం వేరు. పాత వెర్షన్ ఫైల్‌ను తెరిచిన ప్రతిసారీ మార్చుకోవలసి వస్తుంది. ఫోల్డర్ మొత్తాన్ని ఒకసారి కొత్త వెర్షన్‌లో సేవ్ చేస్తే ఆ బెడద పోతుంది.

తేలిక చేసిన కాన్ఫిగరేషన్లు చేసే పెద్ద నష్టం చివర్లో, డ్రాయింగ్ విడుదలప్పుడు బయటపడుతుంది. డ్రాయింగ్ పొరపాటున ఆ కాన్ఫిగరేషన్‌ను చూపిస్తుంటే, సప్రెస్ చేసిన బోల్టులు బిల్ ఆఫ్ మెటీరియల్‌లోంచి కూడా మాయమవుతాయి. కొనుగోలు విభాగం వాటిని కొనదు. కాబట్టి షాపుకు పంపేముందు అసెంబ్లీని అసలు కాన్ఫిగరేషన్‌లో, పూర్తిగా లోడ్ చేసి ఒకసారి Ctrl+Q కొట్టాలి. ఇంటర్‌ఫియరెన్స్ చెక్ అందులోనే నడపాలి. రెండు కాన్ఫిగరేషన్లలోనూ పార్టుల సంఖ్య రాసుకుని, తేడా కావాలని సప్రెస్ చేసిన వాటితో సరిపోతుందో లేదో చూడాలి. ఈ పని నెమ్మదిగానే సాగుతుంది. చాలా ఆఫీసుల్లో దీన్ని భోజనానికి లేచేముందు మొదలుపెట్టి వెళ్తారు.